పేరా సరైనదే, దాని మీది మాటే పెద్దది

నల్లగొండలో వకాలత్ చేసే నా దగ్గరికి దేవరకొండ వైపు ఊరి నుంచి ఒక అక్క వచ్చింది. అరవై దాటిన మనిషి. వెంట డిగ్రీ చదివే కొడుకు. కుర్చీలో కూర్చున్నాక సంచిలోంచి కాగితాలు తీయలేదు, కొడుకు చేతిలోని ఫోను నా ముందు పెట్టించింది. "సారూ, ఇగ మాకు అన్నదమ్ములతోటి సమానంగ రావాల్నట గదా. సుప్రీంకోర్టే చెప్పిందట. ఇండ్లనే ఉన్నది, చూడుండ్రి."

ఫోనులో రెండు పేజీల నోటు ఉంది. వినీతా శర్మ వర్సెస్ రాకేశ్ శర్మ తీర్పు సారాంశం. 2020 ఆగస్టు 11న జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం ఇచ్చిన తీర్పు. ఆడబిడ్డల హక్కు గురించి ఇటీవలి కాలంలో వచ్చిన తీర్పుల్లో దీనికి మించింది లేదని నేనూ అంటాను. నోటులో నాలుగు మాటలున్నాయి, ఒక్కో మాట కింద తీర్పులోని పేరా ఫొటో అతికించి ఉంది. రాసినవాళ్లెవరో తెలియదు. పేరాలు మాత్రం అసలైనవే. ఒక్క అక్షరం మార్చలేదు.

ఇబ్బందంతా అక్కడే. పేరా లేని సారాంశాన్ని నమ్మొద్దని అందరికీ తెలుసు. పేరా అతికించి ఉన్నదాన్ని మాత్రం చదవకుండానే నమ్మేస్తాం. కింద కోర్టు మాట కనిపిస్తోంది కదా, పైన రాసింది కూడా కోర్టు మాటే అయ్యుంటుందని కన్ను దాటిపోతుంది. సారాంశం తప్పు చెప్పడం అరుదు. అది కోర్టు చెప్పినదానికన్నా ఎక్కువ చెప్తుంది. ఆ ఎక్కువను పట్టుకోవాలంటే సారాంశం మొత్తం బాగుందా లేదా అని చూస్తే సరిపోదు. ఒక్కో వాక్యాన్ని విడిగా తీసి, దాని కింది పేరాతో మాటకు మాట సరిచూడాలి. ఆ రోజు ఆ అక్క ముందు కూర్చుని నేను చేసిన పని అదే. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఎవరూ గుర్తు పట్టకుండా వాళ్ల వివరాల్లో కొన్ని మార్చాను.

ముందు వాళ్ల భూమి సంగతి. తాత నుంచి వచ్చింది ఆరెకరాలు. తాత 1953లో పోయాడు. తండ్రి బస్సు డ్రైవరుగా చేస్తూ జీతం డబ్బుతో 1979లో మూడెకరాలు కొన్నాడు, తర్వాత అందులో బోరు వేసి బత్తాయి తోట పెట్టాడు. ఇంకో రెండెకరాలు కూడా తాతదే ఉండేది, దాన్ని 2001లో తండ్రి పక్క చేను వాళ్లకు రిజిస్టరు చేసి అమ్మేశాడు. తల్లి ముందే పోయింది. తండ్రి 2011లో పోయాడు. ఇద్దరు కొడుకులు, ఈ ఒక్క కూతురు. బత్తాయి తోటను కొడుకులిద్దరికీ రాస్తూ తండ్రి చేసిన రిజిస్టరు విల్లు ఒకటుంది. తాత భూమిని 1994లోనే పెద్దమనుషుల ముందు తండ్రి, ఇద్దరు కొడుకులు తలా రెండెకరాలు పంచుకున్నారని అన్నదమ్ములు ఇప్పుడు అంటున్నారు. తెల్లకాగితం మీద రాసుకున్నారట.

కొడుకు ఫోనులోనే లెక్క వేసుకొచ్చాడు. ఆరు, మూడు, రెండు కలిపితే పదకొండు. మూడు భాగాలు చేస్తే అమ్మకు మూడెకరాల ఇరవై ఆరు గుంటలు.

నోటులో మొదటి మాట ఇది: తండ్రి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. దాని కింద ఉన్నది తీర్పు చివరి భాగంలో కోర్టు ఇచ్చిన జవాబుల్లో మొదటిది. తెలుగులో దాని అర్థం ఇలా వస్తుంది: హిందూ వారసత్వ చట్టంలో 2005లో మార్చిన ఆరో సెక్షన్, ఆ సవరణకు ముందు పుట్టినా తర్వాత పుట్టినా కూతురికి కొడుకుకు లాగే, అవే హక్కులతో, అవే బాధ్యతలతో కోపార్సనర్ హోదా ఇస్తుంది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఆ అబ్బాయిని ఒక పని చేయమన్నాను. పైవాక్యంలో ఉన్న నామవాచకాలకు గీత గీసి, అవి కింద ఉన్నాయో లేదో చూడమన్నాను. "కూతురు" ఉంది. "కొడుకు" ఉంది. "తండ్రి ఆస్తి" లేదు. దాని స్థానంలో ఉన్నది కోపార్సనర్ అనే మాట. తెలుగులో దానికి సహదాయాది అంటారు, వాడుకలో ఎవరూ అనరు. పత్రికల్లో రాసేటప్పుడు ఆ మాట బరువుగా ఉందని "తండ్రి ఆస్తి" అనేస్తారు. అలా అనువదించిన ఆ ఒక్క క్షణంలో తీర్పు పరిధి రెండింతలవుతుంది.

ఎందుకంటే కోపార్సనరీ ఆస్తి అంటే పుట్టుకతోనే హక్కు వచ్చే ఉమ్మడి కుటుంబ ఆస్తి. తండ్రి తన జీతంతో కొన్న బత్తాయి తోట అది కాదు. అది స్వార్జితం. బతికినంత కాలం దాన్ని అమ్ముకోవచ్చు, ఎవరికైనా రాసివ్వొచ్చు, కొడుకుకు కూడా అందులో పుట్టుక హక్కు లేదు. తండ్రి ఏమీ రాయకుండా పోతే కూతురికి సమాన వాటా వచ్చే మాట నిజమే. కానీ అది ఎనిమిదో సెక్షన్ వల్ల, ఒకటో తరగతి వారసురాలిగా. ఆ హక్కు 1956 నుంచే ఉంది, ఈ తీర్పుతో దానికి పని లేదు. ఇక్కడ తేడా ఏమిటంటే, ఎనిమిదో సెక్షన్ హక్కును విల్లు అడ్డుకోగలదు. ఈ ఇంట్లో విల్లు ఉంది. దాన్ని సాక్షి ద్వారా అన్నదమ్ములు రుజువు చేయాలి, అందులో అనుమానాలుంటే మనం ఎత్తి చూపవచ్చు, అది వేరే పోరాటం. వినీతా శర్మ తీర్పు చేత్తో పట్టుకుని తోటలోకి మాత్రం వెళ్లలేం.

తాత భూమి కూడా కేవలం తాతది కాబట్టే కోపార్సనరీ అయిపోదు. "పిత్రార్జితం" అని మనం సులువుగా అనే మాటలో ఒక తేదీ దాగి ఉంది. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న వచ్చింది. ఆ తర్వాత చనిపోయిన మనిషి సొంత ఆస్తి ఎనిమిదో సెక్షన్ కింద కొడుకుకు వస్తే, అది ఆ కొడుకుకు సొంతమవుతుంది గానీ మనవలతో ఉమ్మడి కాదని 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తాత 1953లోనే పోయాడు కాబట్టి ఆరెకరాలు ఉమ్మడివని వాదించే దారి ఉంది. 1963లో పోయి ఉంటే వాదన మొత్తం మారిపోయేది. ఆమెను మొదట నేనడిగిన ప్రశ్న "మీ తాత ఎప్పుడు పోయిండక్కా?" అన్నదే. ఇదెందుకు అడుగుతున్నాడా అని ఆమె ఆశ్చర్యపోయింది.

ఇదే పేరాలో "అవే బాధ్యతలతో" అన్న మాట కూడా నోటు పైవాక్యంలోకి ఎక్కలేదు. హక్కు మాట నిలిచింది, బాధ్యత మాట జారిపోయింది. సారాంశాలన్నీ ఒకే వైపు ఒరుగుతాయి. చదివేవాళ్లకు సంతోషం కలిగించే సగం మిగులుతుంది.

రెండో మాట: 2005కు ముందు జరిగిన అమ్మకాలు కూడా కూతురి హక్కును అడ్డుకోలేవు. దీని కింద అతికించిన పేరాను చూసి నాకు బాధ కలిగింది. అది సరిగ్గా దీనికి ఎదురుగా చెప్తుంది. ముందే పుట్టిన కూతురు ఈ హక్కును సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నుంచి అడగవచ్చు, అయితే 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలు, పంపకాలు, విల్లుల విషయంలో ఆరో సెక్షన్ మొదటి ఉపసెక్షన్ కల్పించిన రక్షణకు లోబడి. ఆ తేదీ ఎక్కడినుంచి వచ్చిందంటే, సవరణ బిల్లును రాజ్యసభలో ప్రవేశపెట్టిన రోజు అది. బిల్లు వస్తోందని తెలిసి హడావుడిగా ఆస్తులు మార్చేవాళ్లకు అడ్డుకట్ట వేయాలి, అంతకుముందు నిజాయితీగా కొన్నవాళ్ల జోలికి పోకూడదు. ఆ గీత అందుకు.

నోటు రాసినవాళ్లు అబద్ధం రాయాలనుకుని ఉండరు. మూడో జవాబులో కోర్టు ఈ హక్కు పుట్టుకతో వస్తుంది కాబట్టి 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని చెప్పింది. నిజానికి ముగ్గురు న్యాయమూర్తుల ముందుకు వచ్చిన ప్రధాన చిక్కు అదే. ప్రకాశ్ వర్సెస్ ఫూలవతిలో బతికి ఉండాలన్నారు, దానమ్మ కేసులో అంతకుముందే పోయిన తండ్రి కూతుళ్లకూ వాటా ఇచ్చారు, ఆ రెంటి మధ్య పేచీ తీర్చడానికే ఈ ధర్మాసనం కూర్చుంది. "పుట్టుకతో" అన్న మాట చదివి, అయితే పుట్టిన నాటినుంచి జరిగిన అమ్మకాలన్నీ తిరగదోడవచ్చని ఎవరో ఊహించారు. తార్కికంగా అలా తోచవచ్చు. కానీ కోర్టు ఆ తర్కాన్ని అంత దూరం నడిపించలేదు. హోదా పుట్టుకతో, అడిగే హక్కు మాత్రం 2005 నుంచి అని విడదీసింది. తీర్పులోని ఒక మాట నుంచి మనం చేసే ఊహ ఎంత సబబుగా ఉన్నా అది తీర్పు కాదు. ఆ ఊహను తీర్పు తానే పక్క పేరాలో ఆపేసి ఉండవచ్చు కూడా, ఇక్కడ జరిగింది అదే.

కాబట్టి 2001లో అమ్మిన రెండెకరాలు పోయాయి. పక్క చేను వాళ్లు ఇరవై ఏళ్లకు పైగా దున్నుకుంటున్న భూమి మీద నోటీసు పంపిద్దామని అబ్బాయి అనుకుని వచ్చాడు. పంపి ఉంటే ఒరిగేదేమీ లేదు, ఊళ్లో వాళ్లతో పగ తప్ప.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. ఆమె పెళ్లి 1983లో అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే కూతుళ్లకు కోపార్సనరీ హక్కు ఇస్తూ సొంత సవరణ తెచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు చేసింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది. మా వైపు చాలామంది అక్కలకు ఇప్పటికీ చెవిలో ఉన్నది ఆ మాటే: పెళ్లయిపోయింది కాబట్టి నీకు రాదు. 2005 సవరణలో పెళ్లి షరతు లేదు. ఆ అడ్డు తీసింది పార్లమెంటు చట్టం. నోటులో దీన్ని కూడా "సుప్రీంకోర్టు తొలగించింది" అని చివర ఒక ముక్క రాసి ఉంది. ఎవరు తీసేస్తే ఏముంది, అడ్డు పోయింది కదా అనిపించవచ్చు. కానీ దావాలో ఆ మాట రాసి తీర్పు పేరా చూపిస్తే, ఎదుటి వకీలు ఆ పేరాలో పెళ్లి ఊసే లేదని లేచి చెప్తాడు. సెక్షన్ చూపించాల్సిన చోట సెక్షనే చూపించాలి.

ఇక మూడో మాట. నేను ఎక్కువసేపు కూర్చున్నది దీని దగ్గరే. నోటులో ఇలా ఉంది: నోటి పంపకం చెల్లదు. మూడు పదాలు. ఆ అక్కకు కొండంత ధైర్యం ఇచ్చినవి ఆ మూడు పదాలే. తమ్ముళ్లు చూపిస్తున్న తెల్లకాగితం చిత్తుకాగితమే అన్నమాట.

కింది పేరా చదివితే అది ఒక వాక్యం కాదు, మూడు. మొదటిది: ఆరో సెక్షన్ అయిదో ఉపసెక్షన్ వివరణ కఠినంగా ఉంది కనుక, రిజిస్టరు పంపక పత్రం గానీ కోర్టు డిక్రీ గానీ మాత్రమే చట్టం గుర్తించే పద్ధతి కనుక, నోటి పంపకం వాదనను అంగీకరించలేం. రెండోది "అయితే" అని మొదలవుతుంది: అసాధారణ సందర్భాల్లో, నోటి పంపకం వాదనకు ప్రభుత్వ పత్రాల ఆసరా ఉండి, కోర్టు డిక్రీతో జరిగినట్టే ఆ పంపకం చివరికి రుజువైతే, దాన్ని అంగీకరించవచ్చు. మూడోది: నోటి సాక్ష్యం ఒక్కదాని మీదే ఆధారపడిన వాదనను నేరుగా తోసిపుచ్చాలి.

నోటు మొదటి వాక్యాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేసింది. తీర్పులు చదివేటప్పుడు నా కన్ను ముందు వెతికేది "అయితే" అన్న మాటనే. కోర్టు తాను అప్పుడే చెప్పిన దానికి గట్టు కట్టేది అక్కడ. సారాంశం రాసేవాళ్లు చెయ్యి ఆపేదీ అక్కడే.

ఈ సారాంశం ఆమె వైపుకు ఒరిగింది. అదే పేరాను అటువైపు ఒరిగించిన నోటు కూడా తిరుగుతోంది. నాలుగు రోజుల తర్వాత తమ్ముళ్ల తరఫు నుంచి నా నోటీసుకు జవాబు వచ్చింది. అందులో ఇదే తీర్పు, ఇదే పేరా. దాని పైన మాత్రం ఇలా రాశారు: రెవెన్యూ రికార్డుల్లో నమోదైన నోటి పంపకం చెల్లుతుందని సుప్రీంకోర్టు వినీతా శర్మలో స్పష్టం చేసింది. వాళ్లు రెండో వాక్యాన్ని పట్టుకున్నారు. దాంట్లో "అసాధారణ సందర్భాల్లో" పోయింది. "ప్రభుత్వ పత్రాలు" కాస్తా "రెవెన్యూ రికార్డులు" అయింది. రెండు షరతుల మధ్య ఉన్న కలిపే మాట పోయింది, పత్రాల ఆసరా ఉండాలి, దానితో పాటు డిక్రీ అంత గట్టిగా రుజువూ కావాలి అన్నది పోయి, పత్రం ఉంటే చాలన్నట్టయింది. "అంగీకరించవచ్చు" అన్నది "చెల్లుతుంది" అయింది. ఒక్క వాక్యంలో నాలుగు చోట్ల కొలత మారింది. అయినా కింద పేరా అచ్చంగా ఉంది.

ఇలాంటప్పుడు నేను చేసేది ముగింపు పేరాతో ఆగకపోవడం. కోర్టు ఆ ముగింపుకు ఎలా వచ్చిందో కొంచెం పైకి వెళ్లి చదువుతాను. అక్కడ కోర్టు ఈ విషయాన్ని విడమరిచింది. కూతుళ్లకు హక్కు దక్కకుండా చేయడానికి నోటి పంపకాన్ని మోసంగా, కుమ్మక్కై సృష్టించే వీలుందని, రిజిస్టరు కాని కాగితాన్ని ఎప్పుడైనా తయారు చేసుకోవచ్చని చెప్పింది. ఆ తర్వాతే మినహాయింపు గురించి మాట్లాడింది. విడివిడి స్వాధీనం, విడివిడిగా ఆదాయం అనుభవించడం, దాన్ని అనుసరించి రెవెన్యూ రికార్డుల్లో నమోదు ఉండాలి. వీటికి తోడు ఆ కాలంనాటి ఇతర ప్రభుత్వ పత్రాల మద్దతు తప్పకుండా ఉండాలి. అప్పుడు కూడా అన్ని జాగ్రత్తలూ తీసుకుని, ఎంతో అయిష్టంగా మాత్రమే అంగీకరించవచ్చు. రెవెన్యూ నమోదు అక్కడ జాబితాలో ఒకటి. జాబితా అంతా కాదు.

అంటే తమ్ముళ్లది గెలవలేని వాదన అని కాదు, అక్కది ఓడిపోలేని కేసూ కాదు. ఆ పేరా చెప్పేది, రుజువు బరువు తమ్ముళ్ల మీద ఉంది, ఆ బరువు చాలా ఎక్కువ, కానీ తలుపు పూర్తిగా మూయలేదు అని. ఈ ఇంటి లెక్కలో ఆ తలుపు విలువ ఎంతో ఆమెకు వేసి చూపించాను. నోటి పంపకం నిలవకపోతే ఆరెకరాలు ఉమ్మడిగా ఉన్నట్టే. తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు నలుగురు కోపార్సనర్లు, తలా ఎకరం ఇరవై గుంటలు. తండ్రి వాటా మళ్లీ ముగ్గురు పిల్లలకు సమానం, తలా ఇరవై గుంటలు. మొత్తం ఆమెకు రెండెకరాలు. తోట విల్లులో తండ్రి తన ఉమ్మడి వాటా కూడా కొడుకులకే రాసి ఉంటే ఆ ఇరవై గుంటలు కూడా పోయి ఎకరం ఇరవై గుంటలే మిగులుతుంది, అందుకే విల్లు నకలు అక్షరమక్షరం చదవాలి. నోటి పంపకం నిలిచిందా, 2004 డిసెంబరుకు ముందే పంపకం అయిపోయినట్టు. అప్పుడు తండ్రి పాలికి వచ్చిన రెండెకరాల్లో మూడో వంతే ఆమెది. ఇరవై ఆరు గుంటల చిల్లర.

ఫోనులో వచ్చిన మూడెకరాల ఇరవై ఆరు గుంటలు ఎక్కడ, ఇది ఎక్కడ. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గా ముచ్చట గీళ్లెందుకు రాయలే సారూ?" అంది. నా దగ్గర మంచి జవాబు లేదు. నాకు తెలిసింది ఇంతే: మినహాయింపు రాస్తే సారాంశం పొడుగవుతుంది, పొడుగైతే ఎవరూ పంపించుకోరు.

నాలుగో మాట చిన్నదే గానీ ఎక్కువమందిని బాధ పెట్టేది. ఇలాంటి కేసులన్నీ ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు ఆదేశించింది, అని ఉంది. తీర్పు చివరన కోర్టు నిజంగానే ఆరు నెలల మాట ఎత్తింది. కానీ ఆ పేరాలోని క్రియాపదం "ఆదేశిస్తున్నాం" కాదు, "కోరుతున్నాం". "వీలైనంత వరకు" అని ఉంది. అదీ ఈ చిక్కు మీద వివిధ హైకోర్టుల్లో, కింది కోర్టుల్లో అప్పటికే పెండింగులో ఉన్న కేసుల గురించి. ఈమె కేసు ఇంకా దాఖలే కాలేదు. "ఆర్నెల్లల్ల అయితదట గదా" అని ఆశగా అడిగిన మనిషికి ఈ ఒక్క క్రియాపదం గురించి చెప్పడం నాకు అన్నిటికన్నా కష్టమైంది. తీర్పుల్లో ఆదేశించడం, కోరడం, గమనించడం, అభిప్రాయపడటం వేరువేరు పనులు. తెలుగులోకి వచ్చేసరికి అన్నీ "స్పష్టం చేసింది" అయిపోతాయి. పైవాక్యంలో "స్పష్టం చేసింది" కనిపించినప్పుడల్లా కింది పేరాలోని క్రియ ఏమిటో చూస్తాను.

ఈ నోటులో లేదు గానీ ఇదే తీర్పు మీద తిరిగే మరో సారాంశంలో ఇంకో రకం పొరపాటు చూశాను. పంపకం రిజిస్టరు కావాలన్న నియమం తప్పనిసరి కాదు, సూచన మాత్రమే అని సుప్రీంకోర్టు అన్నదని ఉంది. పేరా నంబరు కూడా ఉంది, తెరిచి చూస్తే మాట కూడా ఉంది. కానీ ఆ పేరా తీర్పు మొదటి భాగంలోది. అక్కడ కోర్టు ఇంకా తన మాట మొదలుపెట్టలేదు. కేంద్ర ప్రభుత్వం తరఫున సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా వినిపించిన వాదనను నమోదు చేస్తోంది. మన కోర్టుల తీర్పుల్లో ముందు ఇరుపక్షాల వాదనలు, తర్వాత పాత తీర్పుల నుంచి పేజీల కొద్దీ ఉల్లేఖనలు, ఆ తర్వాతే విశ్లేషణ వస్తాయి. వాదన భాగంలోని వాక్యాలు కూడా తీర్పు వాక్యాల్లాగే గంభీరంగా ఉంటాయి. పేరా ఒక్కటే ఫొటో తీసి అతికిస్తే మాట్లాడుతున్నది ఎవరో కనపడదు. అందుకే పేరా దొరికాక దాని వెనక్కి వెళ్లి, ఏ శీర్షిక కింద ఉందో, "వాదించారు", "విన్నవించారు" అన్న మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసుకోవాలి.

ఈ విషయంలో నేను దెబ్బ తిన్నాను కూడా. ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో, ఒక ఇంజంక్షన్ అప్పీలులో, జర్నల్‌లో తీర్పు పైన అచ్చయ్యే హెడ్‌నోట్‌లోంచి ఒక వాక్యం తీసి కోర్టు మాటగా చదివాను. జడ్జిగారు శాంతంగానే అడిగారు, "ఏ పేరాలో ఉంది?" అని. పుస్తకమంతా తిప్పాను. ఆ వాక్యం ఏ పేరాలోనూ లేదు. హెడ్‌నోట్ రాసేది సంపాదకులు, న్యాయమూర్తులు కాదు. నా క్లయింటు వెనక బల్ల మీద కూర్చుని చూస్తున్నాడు. ఆ తర్వాత నేను చెప్పిన నిజమైన మాటలకు కూడా ఆ రోజు బలం లేకపోయింది.

పేరా నంబర్ల గురించి ఒక జాగ్రత్త. వినీతా శర్మలో కోర్టు తన జవాబులు ఇచ్చిన పేరా, సుప్రీంకోర్టు వెబ్‌సైటు నకలులో 129. ఎస్‌సీసీ అనే తీర్పుల జర్నల్ 2020 తొమ్మిదో సంపుటంలో మొదటి పేజీ నుంచి అచ్చయిన దాంట్లో అదే పేరా 137. ఎవరో 129 అని రాస్తే, మీరు ఎస్‌సీసీ తెరిచి 129 చూసి "ఇక్కడ అలా లేదే" అని వాళ్లు అబద్ధమాడారనుకోవచ్చు. లేదా అక్కడ ఉన్న వేరే మాటనే ముగింపు అనుకోవచ్చు. నంబరుతో పాటు ఏ ప్రతిలోదో రాయని సారాంశాన్ని నేను సగమే నమ్ముతాను. నంబరుతో కాకుండా పేరా మొదటి నాలుగు మాటలతో వెతికితే ఈ గందరగోళం ఉండదు.

నా తోటి వకీళ్లలో కొందరు ఇదంతా అతి అంటారు. పల్లె నుంచి వచ్చిన ఆడమనిషికి హక్కు ఉందని ధైర్యం చెప్పే నోటులో అల్పమైన లోపాలు వెతికి ఆమెను నిరుత్సాహపరచడం దేనికని ఒక పెద్దాయన నన్నే అడిగాడు. ఆయన మనసు మంచిది, ఆ మాటలో నిజం కూడా ఉంది. అసలు ఆ నోటు రాకపోతే ఆమె నా గడప ఎక్కేది కాదు, పెళ్లయింది కాబట్టి ఏమీ రాదని ఇంకా అనుకునేది. కానీ నష్టపోయేది ఎవరో చూడండి. ఎక్కువ చెప్పిన నోటును నమ్మి పదకొండెకరాల మీద దావా వేస్తే కోర్టు ఫీజు ఎక్కువ, ప్రతివాదులు ఎక్కువ, పక్క చేను వాళ్లు కూడా కేసులోకి వస్తారు, ఏళ్లు పెరుగుతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, నోటి పంపకం ఎలాగూ చెల్లదనే ధీమాతో ఏటేటా రాసే రెవెన్యూ రికార్డులైన పాత పహాణీలు తీసుకోకుండా కోర్టుకు పోతుంది. విచారణలో తమ్ముళ్లు అవి బయటపెట్టిన రోజు ఆమె దగ్గర జవాబు ఉండదు. తలుపు మూసుంది అనుకున్నవాళ్లు దానికి గొళ్లెం పెట్టరు.

అందుకే ఆ రోజు ఆమెకు నేను ఇచ్చింది ఒక చీటీ. 1990 నుంచి 2011 వరకు ఆ ఆరెకరాల సర్వే నంబర్లకు పహాణీల సర్టిఫైడ్ నకళ్లు తహసీల్దారు ఆఫీసు నుంచి తేవాలి. పట్టాదారు గడిలో ఎవరి పేరు, అనుభవదారు గడిలో ఎవరి పేరు అన్నది ఏడాదికేడాది కావాలి. 1994 తర్వాత ఏ మ్యుటేషనైనా జరిగిందా, ఆ ప్రొసీడింగ్స్ నకలు ఉందా. తమ్ముళ్లకు విడివిడిగా పాసుపుస్తకాలు ఎప్పుడొచ్చాయి. వాటి మీద సొసైటీలో విడిగా పంట రుణాలు తీసుకున్నారా, లేక తండ్రి పేరనే తీసుకున్నారా. విల్లు నకలు రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి.

మూడు వారాల తర్వాత కొడుకు కట్ట తెచ్చాడు. అనుభవదారు గడిలో 1996 నుంచి తమ్ముళ్ల పేర్లున్నాయి, అది వాళ్లకు పనికొచ్చేదే. పట్టాదారు గడిలో మాత్రం తండ్రి పోయే దాకా ఆరెకరాలకూ తండ్రి ఒక్కడి పేరే ఉంది. 1994 కాగితాన్ని ఆధారం చేసుకుని జరిగిన మ్యుటేషన్ ఒక్కటీ లేదు. సౌకర్యం కోసం విడివిడిగా దున్నుకోవడం పంపకం కాదని వాదించడానికి ఇది ఆధారం. ఆ అబ్బాయి ఈసారి ఫోను తీయలేదు. పేరాను తన చేత్తో నోటుపుస్తకంలో రాసుకొచ్చి, "అయితే" కింద ఎర్రగీత గీసి, దాని పక్కన పహాణీ సంవత్సరాలు వేసుకున్నాడు. దావా ఆరెకరాల మీద వేశాం. తోట విల్లును విడిగా సవాలు చేయాలా వద్దా అన్నది నకలులోని సాక్షుల్లో ఎవరు బతికి ఉన్నారో తెలిశాక చూస్తాం.